'క్రిటికల్ రిసోర్స్' గారికి బహిరంగ లేఖ

అయ్యా క్రిటికల్ రిసోర్స్ గారూ,

'వదులుకోలేని మనిషి' అనే ముద్రగా తమరు నా పేరు పక్కన కొలువున్నారని ప్రాజెక్టు మార్చమని మేనేజరు గారిని అడిగేదాకా నాకు తెలీదు. అప్రైజల్ రోజుల్లో మాత్రం తమరు ఊళ్లో లేరు. అప్పుడు నేను 'అంచనాలకు తగ్గట్టు' పనిచేసే మామూలు మనిషిని.

నాది ఋషికొండ ఐటీ హిల్స్ మీద నైట్ షిఫ్టు సపోర్టు ప్రాజెక్టు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని చేరేటప్పుడు ఊరించారు. కనిపిస్తుంది, నల్లగా. పై అంతస్తులోని డేటా ప్రాజెక్టుకి పైథాన్, ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లు కావాలని ఇంటర్నల్ పోస్టింగ్ పడింది. డబుల్ బిల్లుల్ని పట్టుకునే స్క్రిప్టు మా టీములో రాసింది నేనే. "సార్, నా స్కిల్స్ అక్కడ బాగా పనికొస్తాయి" అన్నాను.

"అవునమ్మా, అందుకే నువ్వు ఇక్కడ ఉండాలి" అన్నారాయన. వెనకాల తమరు మీసం మెలేస్తున్నారు.

తమరి బలం ఎక్కడుందో తర్వాత అర్థమైంది. క్లయింటు మనిషికింత అని డబ్బులిస్తాడు. కుర్చీ ఖాళీ అయితే ఆ రోజు నుంచే బిల్లింగ్ ఆగుతుంది. నేను నా స్కిల్స్ గురించి చెబుతుంటే సార్‌కి వినిపించింది ఖాళీ కుర్చీ ఒక్కటే.

అందుకే రెండోసారి మెయిల్లో 'ఎదుగుదల', 'ఆసక్తి' లాంటి మాటలు తీసేశాను. పోస్టింగ్ నంబరు, అందులో అడిగినవాటిలో నేను చేసి చూపించిన పని రెండు లైన్లలో రాశాను. మిగతా మెయిలంతా కుర్చీ గురించే. నా టికెట్లలో సగం ఇప్పటికే చూస్తున్న కుర్రాడి పేరిచ్చాను. అతనికి పని నేర్పి అప్పగించే కేటీకి నాలుగు వారాలు అడిగాను. మొదటి రెండు వారాలు నేను చేస్తుంటే అతను చూస్తాడు, తర్వాత అతను చేస్తుంటే నేను చూస్తాను. నెలాఖరు క్లోజింగ్ ఒకటి అతనే చేయాలి, నేను కీబోర్డు ముట్టను. అది సాఫీగా దాటిన మర్నాడే నా రిలీజ్ అని తేదీ వేశాను. క్లయింటు కాంట్రాక్టులో నా పేరే పెట్టి ఉంటే ఈ లెక్కంతా వాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మొదలవుతుంది. అదృష్టం కొద్దీ నేనంత గొప్పదాన్ని కాదు.

"మంచి ప్లాన్, చూద్దాం" అన్నారు సార్. తమరు నిబ్బరంగా నవ్వుకున్నారు, ఎందుకంటే 'చూద్దాం' తమరి సొంత బావమరిది. నోటిమాట ఎంత తియ్యగా ఉన్నా సిస్టంలో నా స్థానంలోకి మరొకర్ని అడిగే బ్యాక్‌ఫిల్ రిక్వెస్టు పడకపోతే, నా అలొకేషన్ ముగిసే తేదీ మారకపోతే, ఏదీ కదలనట్టే. అందుకే ఆ రిక్వెస్టు నంబరు ఒక్కటి ఇమ్మని వారం వారం మర్యాదగా అడిగాను.

నిన్న నంబరు వచ్చింది. తమరు సామాను సర్దుకుని ఆ కుర్రాడి పేరు పక్కకి మారాలి. తమరు వస్తున్నారని అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇట్లు,
నోటీసు పీరియడ్ అవసరం రాని ఒక విశాఖ ఉద్యోగిని