20 శాతం తగ్గి 20 శాతం పెరిగితే పాత బరువు రాదు

"డైట్ చేసేవాళ్ళందరూ చదవండి. 20 శాతం తగ్గి, తర్వాత 20 శాతం పెరిగితే మళ్ళీ పాత బరువుకే వచ్చినట్టు. తగ్గిన శాతం కన్నా పెరిగిన శాతం ఎక్కువుంటే మొదటికన్నా లావైనట్టు, వెంటనే ఇంకా కఠినంగా డైట్ మొదలుపెట్టాలి. వారానికి 2 శాతం తగ్గితే పది వారాల్లో 20 శాతం తగ్గుతారు. అందరికీ పంపండి."

ఈ నెలలో ఈ మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. మొదటి నాలుగుసార్లు ఏమీ అనలేదు, తప్పు లెక్కే కదా పోనీలే అనుకున్నా. ఐదోసారి పంపింది మా పిన్ని కూతురు, కింద "అక్కా, నేను మొదటికన్నా లావైపోయాను" అని రాసి మరీ పంపింది. ఇక ఊరుకోలేకపోయా.

మొదటి మాట చూద్దాం. 90 కేజీల మనిషి 20 శాతం తగ్గితే 18 కేజీలు పోయి 72 అవుతుంది. ఇప్పుడు 20 శాతం పెరగాలి, దేంట్లో 20 శాతం? పెరిగేది 72 మీద, 90 మీద కాదు. 72లో 20 శాతం అంటే 14.4 కేజీలు, కూడితే 86.4. పాత బరువుకి ఇంకా 3.6 కేజీలు తక్కువే. 90కి రావాలంటే ఆ పోయిన 18 కేజీలూ తిరిగి రావాలి, 18ని 72తో భాగిస్తే 25 శాతం. ఎంత ఎక్కువ తగ్గితే ఈ తేడా అంత పెద్దదవుతుంది: 10 శాతం తగ్గినవాళ్ళు వెనక్కి రావడానికి 11 శాతం చిల్లర పెరిగితే చాలు, 30 శాతం తగ్గినవాళ్ళు దాదాపు 43 శాతం పెరగాలి.

వారానికి 2 శాతం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ప్రతి వారం ఆ వారం బరువులో 2 శాతం తగ్గితే 90 కేజీలు పది వారాలకి సుమారు 73.5 అవుతాయి, అంటే 18.3 శాతమే తగ్గినట్టు. పైగా మొదటి వారం త్వరగా పడిపోయే బరువులో చాలా భాగం నీళ్ళు, అదే లెక్క పదో వారం దాకా లాగడమేంటి?

అసలు నాకు ఒళ్ళు మండేది తగ్గిన శాతం కన్నా పెరిగిన శాతం ఎక్కువుంటే లావైనట్టే అన్న రెండో మాటకి. మిగతావి తప్పు లెక్కలు, ఇది మనిషిని దెబ్బతీసే మాట.

మా చెల్లి ఏడాది కష్టపడి 90 నుంచి 72కి వచ్చింది. తర్వాత ఇంట్లో సమస్యలు, నిద్ర లేదు, మెల్లగా 88 దాకా వెళ్ళింది. ఫోన్‌లో ఉన్న యాప్ అన్నిటికన్నా తక్కువ బరువు నుంచి లెక్కేసి 22.2 శాతం పెరిగారు అని చూపించింది. ఈ మెసేజ్ చదివి ఆ 22.2లోంచి 20 తీసేసి, "మొదటికన్నా 2.2 శాతం లావయ్యాను, ఇంత కష్టపడి ఇంకా చెడగొట్టుకున్నా" అని డైరీలో రాసుకుని ఏడ్చి, మర్నాటి నుంచి రాత్రి తిండి మానేసింది. మెషీన్ మీద 88 కనిపిస్తూనే ఉంది, 90 కన్నా 88 తక్కువని దానికి తెలీదా? తెలుసు. కానీ శాతాలు కళ్ళముందు పెట్టి "పెరిగిందే ఎక్కువ" అని చెప్తే మనిషి మెషీన్‌ని వదిలేసి శాతాన్నే నమ్ముతుంది, ఎందుకంటే శాతం అనగానే ఎవరో తెలిసినవాళ్ళు లెక్కేసినట్టుంటుంది.

నేను వెళ్ళి డైరీ ముందేసుకుని కూర్చున్నా. పెరిగింది 16 కేజీలు. అదే 16 కేజీలు 72తో భాగిస్తే 22.2 శాతం, యాప్ చూపించింది ఇదే. తగ్గిన 18తో భాగిస్తే దాదాపు 89 శాతం, అంటే పోయిన బరువులో ఎంత తిరిగొచ్చిందో చెప్పేది. మొదటి 90తో భాగిస్తే 17.8 శాతం. మూడూ నిజమే, మూడూ వేరే వేరే ప్రశ్నలకి జవాబులు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ విషయంలో కూడా, ఎంత తిరిగి పెరిగారు అన్నదాన్ని ఇలా ఒకటికి మించిన పద్ధతుల్లో కొలుస్తారు, అందుకే దేన్ని ఆధారంగా పెట్టుకున్నారో చెప్పకపోతే ఆ అంకెకి అర్థమే లేదు.

తగ్గిన శాతంలోంచి పెరిగిన శాతం తీసెయ్యాలంటే రెండూ ఒకే బరువు మీద వేసినవై ఉండాలి. 90 మీద తగ్గింది 20 శాతం, అదే 90 మీద పెరిగింది 17.8 శాతం, తీసేస్తే 2.2 శాతం, అంటే 2 కేజీలు. సరిగ్గా మెషీన్ చెప్తున్నదే. 90 మీది 20ని 72 మీది 22.2తో పోల్చి లావైపోయావని తేల్చినవాడికి లెక్కలెవరు చెప్పారో గానీ, ఆ మెసేజ్ పంపేముందు ఒక్కసారి కూడిక వేసుకుని చూడొచ్చు కదండీ! దాన్ని చదివి ఒక పిల్ల తిండి మానేసింది ఇక్కడ.

ఇంకో వెర్రి కూడా చూశా. ఎవరో దీనికి జవాబుగా "అంటే ప్రతిసారీ 20 తగ్గి 20 పెరిగితే 4 శాతం ఊరికే మిగులుతుంది, అలా తిప్పుతూ పోదాం" అన్నారు. వద్దు. శరీరం శాతం చూసుకుని ఆగదు, తిన్నదానికీ ఖర్చైనదానికీ ఉన్న తేడాని బట్టి పెరుగుతుంది, 25 దాకా వెళ్ళొచ్చు, 30 కూడా దాటొచ్చు.

ఒక విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్ళతో ఒప్పుకోవాలి. చిన్న శాతాల దగ్గర వాళ్ళ మాట ఇంచుమించు సరిపోతుంది. 80 కేజీల మనిషి 5 శాతం తగ్గితే 76, మళ్ళీ 5 శాతం పెరిగితే 79.8. తేడా 200 గ్రాములు, ఒక గ్లాసు నీళ్ళు తాగితే వచ్చేంత. పొద్దుటికీ సాయంత్రానికే బరువు కేజీ దాకా అటూఇటూ అవుతుంది కాబట్టి ఆ 200 గ్రాములు మెషీన్ మీద ఎవరికీ కనిపించవు. ఇంకోటి కూడా ఉంది, ఇది నా వైపు వాదనకి అడ్డమే అయినా చెప్తా: కేజీలు సరిగ్గా 90కి తిరిగొచ్చినా ఒళ్ళు పాతలాగే ఉండాలని లేదు. తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది, వ్యాయామం లేకుండా తిరిగి పెరిగితే వచ్చేది ఎక్కువగా కొవ్వే. ఆ భయం నిజమైనదే. కానీ దాన్ని తెలుసుకోవాలంటే నడుము కొలవాలి, ఎంత బరువు ఎత్తగలుగుతున్నామో చూసుకోవాలి, శాతాల తీసివేత దాన్ని చెప్పలేదు. పైగా రాత్రి తిండి మానేస్తే ఉన్న కండ కూడా కాస్త పోయే దారే.

చెల్లి డైరీలో శాతాల గడి కొట్టేసి కేజీలు మాత్రం రాశాం: 90, 72, 88. చాలాసేపు చూసి "అయితే రెండు కేజీలు ఇంకా తగ్గే ఉన్నానా అక్కా" అంది. ఆ రాత్రి అన్నం తింది.