నూట నలభై ఆరు రూపాయల మునక

మా మేనల్లుడు ఠాణేలో ఫ్లాటు కొన్నాడు. మేముండే సొసైటీలోనే, మాకు సరిగ్గా రెండంతస్తుల పైన. పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసి, ఇంకా గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడకముందే తలుపు కింద నుంచి మెయింటెనెన్స్ బిల్లు జారి వచ్చింది. ఆ కాగితం పట్టుకుని పదే నిమిషాల్లో మా ఇంటికి దిగాడు.

"మామయ్యా, వాచ్‌మన్ జీతం అర్థమైంది, నీళ్లు అర్థమయ్యాయి. ఈ సింకింగ్ ఫండ్ 146 ఏంటి? బిల్డింగ్ ఏమైనా కుంగుతోందా? కొనేముందు నాకెవరూ చెప్పలేదే!"

ఇరవై ఏళ్లుగా ఈ సొసైటీలో నివసిస్తూ, పదకొండు సర్వసభ్య సమావేశాల్లో సమోసాలు తిన్న అనుభవంతో అతనికి నేను చేసిన బోధనే ఈ వ్యాసం. ఇది కొత్త యజమానులందరికీ వర్తిస్తుంది కాబట్టి బహిరంగపరుస్తున్నాను.

ముందుగా పేరు సంగతి. అల్లుడూ, ఇక్కడ మునగాల్సింది భవనం కాదు, అప్పు. 1717లో ఇంగ్లండులో రాబర్ట్ వాల్పోల్ అనే పెద్దమనిషి దేశం అప్పులు తీర్చడానికి ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టే పద్ధతి తెచ్చాడు. అప్పును ముంచే నిధి గనుక అది సింకింగ్ ఫండ్ అయింది. నిధి బాగానే పెరిగింది. పెరిగిన నిధిని చూస్తూ ఊరుకోవడం ఏ పాలకుడికైనా కష్టం. భూమి పన్ను పెంచితే భూస్వాములు అలుగుతారని 1733లో ఆయనే అందులోంచి 5 లక్షల పౌండ్లు తీసి ఆ ఏటి మామూలు ఖర్చులకు వాడేశాడు. మా సెక్రటరీ గారికి వాల్పోల్ ఎవరో తెలియదు. సంప్రదాయాన్ని మాత్రం ఇసుమంత కూడా తప్పలేదు.

మన భవనం విషయంలో ఆ పదానికి అర్థం ఇది. సిమెంటుకీ ఇనుముకీ ఆయుష్షు ఉంటుంది. ఏదో ఒకనాడు పిల్లర్లకు బలం కట్టించాలి, లేదా మొత్తం కూల్చి మళ్లీ కట్టాలి. ఆనాడు ఒక్కసారిగా అందరి మీదా పడకుండా ఇవాళ్టి నుంచే చిన్న చిన్న మొత్తాలు దాచాలని మహారాష్ట్ర సహకార గృహ సంఘాల మోడల్ బైలాస్, అంటే నమూనా నియమాలు, చెబుతాయి. ప్రతి ఫ్లాటు నిర్మాణ వ్యయంలో ఏడాదికి కనీసం 0.25 శాతం.

ఇక్కడ మా వాడు కాలిక్యులేటర్ తీశాడు. "ఫ్లాటు 90 లక్షలు. పావు శాతమంటే ఏడాదికి 22,500. వీళ్లు 146 వేశారంటే లెక్క తప్పినట్టేగా? నోరు మూసుకుందామా మామయ్యా?"

తప్పలేదు నాయనా. నువ్వు పోసిన 90 లక్షల్లో ఎక్కువ భాగం నేలకీ, రైల్వే స్టేషన్‌కి పది నిమిషాల దూరానికీ, బాల్కనీలోంచి కనిపించే కొండకీ పోసినది. బైలాస్ అడిగేది భూమి విలువ తీసేసిన నిర్మాణ వ్యయం, అదీ ఆర్కిటెక్టు ధ్రువీకరించినది. మన భవనం 2004లో పూర్తయింది. 700 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగు వెయ్యి చొప్పున 7 లక్షలు అయిందని అప్పట్లో రాసుకున్నారు. దానికి పావు శాతం 1,750. పన్నెండు నెలలకు పంచి, పైసలు సర్దితే 146. పెద్ద ఫ్లాటు ఉంటే ఎక్కువ కట్టేవాడివి. లిఫ్టు ఖర్చు అలా కాదు, జన్మలో లిఫ్టు ఎక్కని గ్రౌండ్ ఫ్లోరు వారితో సహా అందరికీ సమానం. ఆ విషయం మీద వారు పదేళ్లుగా చేస్తున్న పోరాటం వేరే వ్యాసానికి వస్తువు.

కరీంనగర్ నుంచి మా బావ ఫోన్‌లో అందుకున్నాడు. "మా దిక్కు దీన్నే కార్పస్ ఫండ్ అంటరు కదా?" కాదు బావా. హైదరాబాద్‌లో రిజిస్ట్రేషన్ అప్పుడు బిల్డర్ చదరపు అడుగుకి ఇంత అని ఒకేసారి గుంజి, తర్వాత అసోసియేషన్‌కి అప్పగించేది కార్పస్. అప్పగించేదాకా అదొక పురాణం, అప్పగించాక ఇంకో పురాణం. ఇది మాత్రం నెలనెలా నొప్పి తెలియకుండా తీసే రక్తం.

ఇప్పుడు అసలు గణితం. మాకు 40 ఫ్లాట్లు, అన్నీ ఒకే కొలత. ఏడాదికి 70,000 పోగవుతుంది. ఇరవై ఏళ్లలో అసలు సొమ్మే 14 లక్షలు. ఏటా బ్యాంకులో వేసి, వచ్చిన వడ్డీని మళ్లీ అందులోనే కలుపుతూ పోతే, 7 శాతం లెక్కన ఇవాళ్టికి 28 లక్షలు దాటాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఈ 28 వేల చదరపు అడుగులను మళ్లీ కట్టాలంటే, అడుగుకి మూడు వేలే అనుకున్నా, 8 కోట్ల 40 లక్షలు కావాలి. అంటే మన నిధితో ఒక ఫ్లాటు కట్టవచ్చు, ఇంకో దాంట్లో వంటగది కట్టవచ్చు. మిగతా 38 కుటుంబాలు ఆ వంటగదిలో సర్దుకోవాలి. 2004 నాటి ధర మీద పావు శాతం లెక్కేస్తూ 2050 నాటి భవనం కడదామనుకునే ఆశావాదులు ముంబై చుట్టుపక్కల తప్ప ఎక్కడా దొరకరు. 0.25 అనేది కనీసం మాత్రమే, సర్వసభ్య సమావేశం తలచుకుంటే పెంచుకోవచ్చు. మా సొసైటీలో ఆ మాట ఎత్తిన పెద్దాయనకు ఆ తర్వాత హోలీ నాడు ఎవరూ రంగు పూయలేదు.

ఈ ధీమాకి కారణం ఉంది. ఎప్పటికైనా ఒక బిల్డర్ దేవుడిలా దిగివచ్చి, పాతది కూల్చి, పైసా అడగకుండా కొత్త టవర్ కట్టి, పైగా అద్దె కూడా ఇస్తాడని ఇక్కడ ప్రతి ముసలి భవనమూ కలలు కంటుంది. ఆ దేవుడు వచ్చేలోపు కాలమ్ పగిలితే ఏమిటన్నది మాత్రం ఎవరూ అడగరు. భవనానికి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి, ముప్పై దాటాక మూడేళ్లకోసారి స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలని కూడా ఆ బైలాసే చెబుతాయి. ఆ ఇంజినీరు వచ్చి సుత్తితో కొట్టి చూసి, ఇనుము తుప్పు పట్టిందని రాసిన రోజున సింకింగ్ ఫండ్‌కి పని పడుతుంది. ఆర్కిటెక్టు ధ్రువీకరించిన భారీ మరమ్మతు అయి ఉండాలి, సర్వసభ్య సమావేశం తీర్మానించాలి. గోడకి రంగు వెలిసినా, పంపు మోటారు కాలినా దాన్ని ముట్టకూడదు. వాటికోసం రిపేర్ ఫండ్ అని బిల్లులో ఇంకో వరస ఉంది, అది 0.75 శాతం, మూడింతలు. దాన్ని చూసి నువ్వు కంగారు పడలేదు, దాని పేరులో మునక లేదు కాబట్టి.

"సరే మామయ్యా, ఆ 28 లక్షలు ఉన్నాయా?"

ఇంతవరకు నేను గురువుని. ఈ ప్రశ్నతో నన్ను శిష్యుణ్ణి చేశాడు. అల్మరా మీద నుంచి సొసైటీ వార్షిక నివేదిక దింపాను. దోమల బ్యాట్ కింద పెట్టి ఉంచాం, ఇన్నాళ్లకు దానికి ఇంకో ప్రయోజనం కలిగింది.

బ్యాలెన్స్ షీటు చదవడం ఎలాగో వాడికి చూపించాను. ఎడమ పక్క అప్పులు, కుడి పక్క ఆస్తులు. ఎడమ పక్కన సింకింగ్ ఫండ్ 14,00,000 అని అందమైన అక్షరాల్లో ఉంది. అందరూ అది చూసి తృప్తిగా కాగితం మడిచేస్తారు. ఎడమ పక్క ఉన్నది డబ్బు కాదు అల్లుడూ, డబ్బు ఉండాలన్న మాట. ఆ మాట నిజమో కాదో కుడి పక్క చెబుతుంది. అక్కడ సింకింగ్ ఫండ్ పేరుతో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెతుకు.

వెతికాడు. 6,00,000 ఉంది.

ముందు వడ్డీ సంగతి. అసలు 14 లక్షలు ఉన్నాయి, కానీ దానికి ఇరవై ఏళ్ల వడ్డీ ఎడమ పక్కన ఎక్కడా లేదు. డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని ఏటా ఆదాయంలో వేసుకుని, మిగులు బడ్జెట్ అని చప్పట్లు కొట్టించుకుని, గణపతి పందిరికీ దీపావళి లైట్లకీ ఖర్చు పెట్టాం. ఆ లైట్ల కింద నిలబడి నేనూ ఫొటోలు దిగాను. నిధి వడ్డీ నిధిలోనే కలిసి ఉంటే ఇంకో 14 లక్షలు ఉండేవి.

తర్వాత, అసలులో తగ్గిన 8 లక్షలు. దానికోసం కుడి పక్కనే ఇంకొంచెం కిందికి వేలు జరిపాం. బ్యాంకు ఖాతాలో 40,000. దాని కింద, సభ్యుల నుంచి రావలసినవి 7,60,000. మిగతా చిల్లర పద్దులు వదిలేస్తే లెక్క పైసాతో సహా సరిపోయింది. ఎవరూ దొంగతనం చేయలేదు. కొందరు సభ్యులు బిల్లు కట్టలేదు, వాచ్‌మన్ జీతం ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, డిపాజిట్ ఒక్కొక్కటీ గడువు తీరుతుంటే మళ్లీ వేయకుండా వాడేశారు. భవనం పునర్నిర్మాణం కోసం నెలకు 146 కట్టిన వాళ్ల సొమ్ముని, ఆ 146 కూడా కట్టని వాళ్లకి మనం చేబదులిచ్చాం.

"మరి ఈ ఫ్లాటు పాత ఓనరు పద్దెనిమిదేళ్లు కట్టింది తిరిగివ్వమని అడగలేదా?" అడగడానికి లేదు. ఆ సొమ్ము ఫ్లాటుని అంటిపెట్టుకుని ఉంటుంది, అమ్మి వెళ్లినా చేతికి రాదు. ఆయన పుణ్యం నీకు వారసత్వంగా వచ్చింది. ఆయన కాలంలో కరిగిన 8 లక్షలు కూడా దానితో పాటే వచ్చాయి.

సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో మా వాడు లేచి నిలబడి కుడి పక్క, ఎడమ పక్క గురించి అడిగాడు. సెక్రటరీ గారు "డబ్బు ఎక్కడికీ పోలేదు, పద్దులో ఉంది" అన్నారు. అప్పుడు మూడో అంతస్తు మూల ఫ్లాటు ఆయన, రావలసినవాటిలో ఒక్కడే 2,10,000 వాటా ఉన్నాయన, ఆవేశంగా లేచి, సింకింగ్ ఫండ్ మన పిల్లల భవిష్యత్తు, దీన్ని కాపాడటానికి వెంటనే చర్య తీసుకోవాలి అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సమోసాలు వచ్చాయి.

అక్టోబరు బిల్లులో కొత్త వరస పడింది. "సింకింగ్ ఫండ్ లోటు భర్తీ: 556." ఎనిమిది లక్షలను 40 ఫ్లాట్లకు, మూడేళ్లకు పంచితే వచ్చిన అంకె. మా మేనల్లుడు గడువుకి ముందే కట్టాడు. మూల ఫ్లాటు ఆయనకి కూడా అదే వరస వేశారు. ఆయన దాన్ని తన పాత బాకీ కిందే జాగ్రత్తగా కలిపి రాసుకున్నారట.