మారు తండ్రి ఇంట్లో పెరిగిన కొడుకుకు వాటా ఎందుకు రాదు?

ప్రొద్దుటూరులో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. బట్టల అంగట్లో పనిచేస్తూ మూడు సెంట్ల స్థలం కొని, సొంత సంపాదనతో ఇల్లు కట్టుకున్న మనిషి. మొదటి భార్య ఒక కూతుర్ని వదిలి చనిపోయింది. తర్వాత ఆయన, భర్త పోయిన ఒకామెను పెళ్లి చేసుకున్నాడు. ఆమెతో పాటు ఐదేళ్ల కొడుకు ఈ ఇంటికి వచ్చాడు. వీళ్లిద్దరికీ ఇంకో కూతురు పుట్టింది. ఆ అబ్బాయికి స్కూల్లో, ఆధార్‌లో, రేషన్ కార్డులో తండ్రి పేరుగా ఈయన పేరే రాయించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఈయన చనిపోతే తలకొరివి పెట్టింది కూడా ఆ అబ్బాయే. వీలునామా లేదు. ఇంటి విలువ 30 లక్షలు అనుకుందాం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి స్వార్జితం ముందుగా మొదటి తరగతి వారసులకు, అంటే ముఖ్యంగా భార్యకు, పిల్లలకు పోతుంది. చనిపోయిన ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది కానీ, మన ఉదాహరణలో ఆమె లేదు. కాబట్టి భార్యకు, పెద్దమ్మాయికి, చిన్నమ్మాయికి తలా పది లక్షలు. ఆ అబ్బాయికి ఏమీ లేదు. చట్టం దృష్టిలో కొడుకు అంటే కన్న కొడుకు లేదా దత్తత తీసుకున్న కొడుకు మాత్రమే. భార్య వెంట వచ్చిన కొడుకు ఆ మాట కిందికి రాడు. ఎన్నేళ్లు కలిసి బతికారు, ఎవరు ఎవర్ని పోషించారు అన్నది లెక్కలోకి రాదు.

కొన్నేళ్లకు ఆ తల్లి కూడా వీలునామా రాయకుండానే పోయిందనుకుందాం. ఆడవాళ్ల ఆస్తికి అదే చట్టంలో 15వ సెక్షన్ వేరే వరస చెబుతుంది. మొదట ఆమె కన్న పిల్లలు, భర్త. ఆ పిల్లలు ఏ భర్త వల్ల పుట్టారన్న తేడా లేదు. అందుకని ఆమె పది లక్షల వాటా ఆ అబ్బాయికి, చిన్నమ్మాయికి చెరో ఐదు లక్షలుగా పోతుంది. పెద్దమ్మాయికి అందులో పైసా రాదు. భర్త నుంచి వచ్చిన ఆస్తి తిరిగి భర్త వారసులకే చేరాలన్న నియమం ఒకటి ఉంది. కానీ చనిపోయిన ఆమెకు పిల్లలు గానీ, ముందే పోయిన పిల్లల సంతానం గానీ లేనప్పుడే అది పనిచేస్తుంది. చివరికి చిన్నమ్మాయికి పదిహేను, పెద్దమ్మాయికి పది, అబ్బాయికి ఐదు లక్షలు.

ఇప్పుడు అదే ఇల్లు భార్య పేరున ఉందనుకోండి. భర్త ముందు పోయి తర్వాత ఆమె పోతే, ఇల్లంతా అబ్బాయికి, చిన్నమ్మాయికి చెరి సగం. ఆమె చేతుల్లోనే పెరిగిన పెద్దమ్మాయికి ఏమీ మిగలదు. సవతి పిల్లలు 15వ సెక్షన్‌లోని ‘కొడుకులు, కూతుళ్లు’ కిందికి రారని, భర్త వారసులుగా రెండో వరసలోనే వస్తారని సుప్రీంకోర్టు 1987లో తేల్చింది. ఆమె ముందు పోయి భర్త తర్వాత పోతే మాత్రం లెక్క మారిపోతుంది. ఆమె ఇంట్లో భర్తకు వచ్చిన మూడో వంతు, ఆయన తర్వాత ఇద్దరు కూతుళ్లకు చెందుతుంది కాబట్టి పెద్దమ్మాయికి ఐదు లక్షలు దక్కుతాయి. ఇల్లు అదే, మనుషులూ వాళ్లే. ఎవరు ముందు పోయారన్న దాన్ని బట్టి ఒక బిడ్డ వాటా సున్నా కావడం నాకు న్యాయంగా అనిపించదు. ప్రభుత్వ ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరుతోనే ఇస్తున్న ఈ రోజుల్లో ఈ లెక్క చాలా ఇళ్లను తాకుతుంది.

మారు తండ్రి విషయంలో చట్టం ఇంకా కఠినం. సవతి కొడుకు చనిపోతే, మొదటి తరగతి వారసులు లేనప్పుడు ‘తండ్రి వితంతువు’గా సవతి తల్లి రెండో తరగతి వారసుల జాబితాలో ఉంది. మారు తండ్రి చనిపోతే ఆ కొడుకుకు ఏ జాబితాలోనూ చోటు లేదు. దూరపు జ్ఞాతులు కూడా ఎవరూ లేకపోతే 29వ సెక్షన్ కింద ఇల్లు ప్రభుత్వానికి పోతుంది. అంటే అదే ఇంట్లో పెరిగిన కొడుకు ప్రభుత్వం కంటే వెనక నిలబడ్డాడన్నమాట. దీన్ని మార్చాలి. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో బిడ్డగా పెరిగిన వాళ్లను కనీసం రెండో తరగతిలో చేర్చితే కన్న పిల్లల వాటా తగ్గదు.

తండ్రి బతికి ఉండగా ఆ అబ్బాయిని దత్తత తీసుకుని ఉంటే కథ వేరు. నలుగురికీ సమానంగా ఏడున్నర లక్షల చొప్పున వచ్చేది. మారు తండ్రి దత్తతకు ఇప్పుడు దారి ఉంది. పద్దెనిమిదేళ్లు నిండక ముందే ప్రభుత్వ దత్తత పోర్టల్ ‘కేరింగ్స్’లో నమోదు చేసుకోవాలి. కన్నవాళ్ల అంగీకారం కావాలి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరే. కన్న తండ్రి అప్పటికే చనిపోయి ఆయన ఆస్తిలో వాటా వచ్చి ఉంటే, దత్తత వెళ్లినా అది పోదు.

బంధువుల మధ్య జరిగే దత్తతల్లో మాత్రం చిక్కంతా రుజువు దగ్గరే వస్తుంది. పిల్లలు లేని అన్నకు తమ్ముడు తన కొడుకునిచ్చాడనుకుందాం. హిందూ దత్తత చట్టం ప్రకారం, వేరే ఆచారం లేకపోతే, బిడ్డకు పదిహేనేళ్లు నిండి ఉండకూడదు. భార్య అంగీకారం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, కన్నవాళ్లు బిడ్డను చేతికివ్వడం, వీళ్లు తీసుకోవడం నిజంగా జరగాలి. ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఇద్దరూ సంతకం చేసిన రిజిస్టర్డ్ పత్రం ఉంటే, తప్పని రుజువయ్యే దాకా కోర్టు దత్తత జరిగిందనే భావిస్తుంది. తీసుకున్నవాళ్లు మాత్రమే సంతకం పెట్టి నోటరీ చేయించిన స్టాంపు పేపరుకు ఆ బలం లేదు. 2020లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసులో అమ్మాయి స్కూలు, కాలేజీ రికార్డుల్లో తల్లిదండ్రులుగా పెంచినవాళ్ల పేర్లే ఉన్నాయి. అయినా బిడ్డను ఇచ్చిపుచ్చుకున్న తంతు రుజువు కాలేదని ఆమెను దత్తపుత్రికగా ఒప్పుకోలేదు. పెంపకం ఎంత నిజమైనా అది దత్తత కాదు.

తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరుందని, మున్సిపాలిటీలో ఇంటి పన్ను తమ పేరుకు మారిందని చాలామంది ధైర్యంగా ఉంటారు. వాటితో హక్కు రాదు. పదేళ్ల తర్వాతైనా ఇల్లు అమ్మాలన్నా, బ్యాంకులో లోన్ పెట్టాలన్నా, లాయరు అసలు వారసులందరి సంతకాలు అడుగుతాడు. టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

మళ్లీ ప్రొద్దుటూరు ఇంటికి వస్తే, పెద్దమనుషులు కూర్చుని “వాడూ మన బిడ్డే కదా, ఇద్దరమ్మాయిలూ వాడికి కొంత వదలండి” అంటారు. అమ్మాయిలు ఒప్పుకుంటారు కూడా. అక్కడ రాసుకునే హక్కు విడుదల పత్రంతోనే ఇంకో పొరపాటు జరుగుతుంది. విడుదల పత్రం సహ వాటాదారుకే పనికొస్తుంది. తల్లి బతికున్నంత కాలం ఆ అబ్బాయి వాటాదారు కాడు. అతనికి ఇవ్వాలంటే దాన పత్రం రాసి, స్టాంపు డ్యూటీ కట్టి రిజిస్టర్ చేయించాలి.

ఇంత అవసరం లేకుండా తండ్రి చేయగలిగింది ఒకటి ఉంది. సొంత సంపాదన మీద వీలునామా ఎవరికైనా రాయొచ్చు. ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం తర్వాత వాదన తగ్గుతుంది. దత్తత తీసుకున్నంత మాత్రాన తండ్రికి ఈ అధికారం పోదు. ముస్లిం కుటుంబాల్లో వారసుల ఒప్పుదల లేకుండా వీలునామా మూడో వంతు దాటదు, దత్తతకు వారసత్వం లేదు. కాబట్టి కడప, కర్నూలులో పెంచుకున్న బిడ్డకు ఇల్లు దక్కాలనుకునే ముస్లిం తండ్రి బతికుండగానే హిబా, అంటే దానం చేసి స్వాధీనం ఇవ్వాలి.