ఉమ్మడి బాధ్యత, పది మార్కులు

విజయనగరం పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీ. సివిల్ ఫైనలియర్‌కి భోజనాల తర్వాతి పీరియడు వృత్తి నైతికత. స్లైడు మీద కూలిన వంతెన. కల్పితం అని మూడు చోట్ల రాశారు, ఎవరి మనసూ నొచ్చుకోకుండా. నది పేరు ‘ఎక్స్’. కాలేజీ బస్సు రోజూ దాటే ఏటికి పేరుంది గానీ, అది రాస్తే సిలబస్ దాటిపోతుంది.

ప్రశ్న: ‘వంతెన కూలుటకు బాధ్యులెవరు? చర్చింపుము.’ పది మార్కులు. ‘వ్యవస్థలోని అందరి ఉమ్మడి బాధ్యత’ అంటే నాలుగు. ‘ఊహించని వరద’ అంటే మూడు. బొమ్మకు రెండు, దస్తూరికి అర. మిగిలిన అర మార్కు ఇసుకకి.

ఆ అర మార్కు లెక్క చూద్దాం. స్లైడులోని అంకెలే. స్తంభాలు బావి పునాదుల మీద, అంటే ఏటి అడుగులోకి బావిలా దించిన కాంక్రీటు గోడల మీద నిలిచాయి. పెద్ద వరదలో స్తంభం చుట్టూ నీళ్లు సుడి తిరిగి, ఇసుకని తోడేసి గొయ్యి చేస్తాయి. ఆ గొయ్యి వరద మట్టం నుంచి 12 మీటర్ల లోతుకి పోతుందని డిజైన్‌లోనే లెక్కగట్టారు. అందులో మూడో వంతు, అంటే 4 మీటర్లు, గొయ్యి అడుగు కింద కూడా బావి దిగి ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం. దాన్ని పట్టు అంటారు. అందుకే బావిని 16 మీటర్లకి దించారు. వరదని ఊహించారు, కొలిచారు, దానికి సరిపడా కట్టారు.

ఆ లెక్కలో లేనిది పొక్లెయిన్. వంతెనకి కూతవేటు దూరంలో ఇసుక తవ్వే ర్యాంపు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి, కొన్నేళ్లకి ఏటి అడుగు 3 మీటర్లు దిగిపోయింది. అడుగు దిగితే వరద గొయ్యి కూడా దాదాపు అంతే కిందికి జరుగుతుంది. బావి మాత్రం ఉన్నచోటే ఉంది. పట్టు 4 మీటర్ల నుంచి ఒక్క మీటరుకి వచ్చింది. ఈ తీసివేత మూడో తరగతి పిల్లడు చేస్తాడు. అసిస్టెంట్ ఇంజినీరు కూడా చేశాడు, చేసి పైకి రాశాడు.

మొదటి ఉత్తరానికి జవాబు: ‘ఏ పద్దు కింద?’ రెండో ఉత్తరానికి తనిఖీ వచ్చింది. మే నెలలో! ఇంత శాస్త్రీయమైన ముహూర్తం పురోహితులు కూడా పెట్టలేరు. ఏరు ఎండింది. టెంటు హౌసు కుర్చీలు నాలుగు, కొబ్బరిబోండాలు పది. జీపు దిగిన అధికారి స్తంభం దగ్గర నిలబడి, కాలితో ఇసుకని తట్టి చూశారు. గట్టిగానే ఉంది. ఫొటో తీశారు. ‘నదీ గర్భం సాధారణం’ అని రాశారు. బోండాలు కూడా సాధారణమే అయి ఉంటాయి, వాటి గురించి రాయలేదు.

వరద తీసేటప్పుడు అదే నీరు ఇసుకని తెచ్చి గొయ్యిని పూడ్చేస్తుంది. పైకి చదును, లోపల వదులు ఇసుక. ఇనుప చువ్వ గుచ్చితే వదులున్నంత మేర సులువుగా దిగిపోతుంది, అసలు నేల తగిలినచోట ఆగుతుంది. ఆ చువ్వ తేలేదు. గొయ్యిని కొలవాలంటే వరదలోనే వంతెన మీంచి బరువు కట్టిన తాడు దించాలి. అప్పుడు జీపులు రావు, తడుస్తాయి.

అయినా ఏరు చెబుతూనే వచ్చింది. బావి తలకట్టు ఇసుకలోంచి లేచి నిలబడింది. దాని కింద గోడ కూడా బయటపడింది. కూలిన రోజు సాయంత్రం రెయిలింగు ఒకచోట వంకర తిరిగింది, ఆ స్తంభం మీది జాయింటు చేతివెడల్పు తెరుచుకుంది. ఆటో నడిపేవాడికి కూడా కనపడింది. అప్పటికి కావలసింది అంచనా కాదు, టెండరు కాదు. రెండు తారు డ్రమ్ములు, ఒక తాడు, ఒక కానిస్టేబులు. ఆ రెండు డ్రమ్ములు పెట్టించగల అధికారం ఉన్న ప్రతివాడూ ఆ రాత్రి ఫోన్ ఎత్తలేదు. మీ ఉమ్మడి బాధ్యత మంట్లో పడ! ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని మన ముసలమ్మలకి తెలిసినంత కూడా మీ కీ పేపరుకి తెలీదా? ఇసుక తవ్వనిచ్చినవాడు ఒకడు, చువ్వ గుచ్చకుండా సంతకం పెట్టినవాడు ఒకడు, ఫోన్ ఎత్తనివాడు ఒకడు. ముగ్గురికీ పేర్లున్నాయి, హోదాలున్నాయి, ఇళ్లకి నేమ్ బోర్డులున్నాయి. స్లైడు మీద ‘లోపం’ అన్న శీర్షిక కింద ఉన్నది మాత్రం నాలుగోవాడు: ‘అసిస్టెంట్ ఇంజినీరు తగినంత గట్టిగా వెంటపడలేదు’!

వెనక బెంచీలోంచి శ్రీకాకుళం కుర్రాడొకడు లేచాడు. “మేస్టారూ, మరి ఉత్తరంలో ‘పరిశీలించగలరు’ అని కాకుండా ‘పట్టు ఒక మీటరే ఉంది, నీళ్లు ఫలానా మట్టం దాటితే రాకపోకలు ఆపండి, ఆపాల్సింది ఫలానావారు’ అని రాసుంటే, ఎవరూ చూడలేదనడానికి వీలుండేదా అండీ?”

మేస్టారు కీ పేపరు తిరగేశారు. దానికి మార్కులు లేవు.

వచ్చే సెమిస్టరుకి ప్రశ్న మార్చారట. నది పేరు ‘వై’.