మూడు రెట్ల సూత్రం చర్న్ పెరిగే యాప్‌కు వర్తించదు

ఒక కస్టమర్ చందా కట్టినన్నాళ్లూ తెచ్చే సొమ్ము ఎల్‌టీవీ, అతన్ని తేవడానికి అయ్యే ఖర్చు సీఏసీ, నెలకు మానేసేవారి శాతం చర్న్. వీటిని పట్టుకుని చందా యాప్‌లకు ఇచ్చే సలహా ఒకటి ఇలా ఉంటుంది: “ఎల్‌టీవీ, సీఏసీకి మూడు రెట్లు దాటితే చాలు, చర్న్ కాస్త పెరిగినా యాడ్స్ బడ్జెట్ పెంచేయండి. నెలకు 199 రూపాయల ప్లాన్, 5 శాతం చర్న్ ఉంటే కస్టమర్ 20 నెలలు ఉంటాడు, అంటే 3,980 రూపాయలు. అతన్ని తేవడానికి 900 అయితే నాలుగు రెట్లకు పైనే!”

ముందుగా, 199 రూపాయలు కంపెనీకి మిగిలే సొమ్ము కాదు. అందులో 18 శాతం జీఎస్టీ పోతే సుమారు 169 ఉంటుంది. యాప్ స్టోర్ కమీషన్ 15 శాతం, సర్వర్లు, కస్టమర్ సపోర్ట్ కలిపి మరో 49 రూపాయలు పోతాయనుకుంటే చేతికి వచ్చేది 120. కాబట్టి చర్న్ 5 శాతమే అనుకున్నా ఎల్‌టీవీ 2,400 మాత్రమే. నిష్పత్తి అప్పటికే మూడు రెట్ల లోపుకు పడిపోయింది.

అసలు చిక్కు ఆ 5 శాతంలో ఉంది. ఈ యాప్‌కు పాత చందాదారులు 10,000 మంది, ఈమధ్య చేరినవారు 4,000 మంది ఉన్నారనుకుందాం. పాతవారిలో నెలకు 300 మంది, అంటే 3 శాతం, కొత్తవారిలో 400 మంది, అంటే 10 శాతం మానేస్తే, మొత్తం 14,000లో 700 మంది పోయినట్టు కనబడి సగటు సరిగ్గా 5 శాతం వస్తుంది. యాడ్స్‌కు పెట్టే 900 రూపాయలు తెచ్చేది కొత్తవారినే తప్ప ఏనాడో స్థిరపడిన పాతవారిని కాదు గనుక, ఆ ఖర్చుతో పోల్చే లెక్కలో వాడవలసింది 10 శాతాన్నే. అప్పుడు ఎల్‌టీవీ 1,200, నిష్పత్తి 1.3. ఆ 900లో మార్కెటింగ్ జీతాలు, ఉచిత ట్రయల్ ఖర్చు కలపకపోతే అదీ నిలవదు.

ఇక “కాస్త పెరిగినా” అన్న మాట నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా తోస్తుంది. ఎవరూ మానకపోతే 900 రూపాయలు ఎనిమిదో చెల్లింపుతో తిరిగి వస్తాయి. నెలకు 10 శాతం మానేస్తుంటే అందుకు పద్నాలుగో చెల్లింపు దాకా, 12 శాతమైతే పంతొమ్మిదో చెల్లింపు దాకా ఆగాలి. 120ని 900తో భాగిస్తే వచ్చే 13.3 శాతం చర్న్ దగ్గర ఎల్‌టీవీ, సీఏసీ సమానమవుతాయి. అది దాటాక ఎన్నేళ్లు ఆగినా పెట్టుబడి రాదు, బడ్జెట్ ఎంత పెంచితే నష్టం అంత పెరుగుతుంది.

కొత్తవారిలో మొదటి రెండు మూడు నెలలు చర్న్ ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గడం మామూలే కనుక 10 శాతాన్ని జీవితాంతానికి వర్తింపజేస్తే ఎల్‌టీవీ తక్కువగా వచ్చే మాట నిజమే. అందుకే చేతికి వచ్చే 120ని చర్న్‌తో భాగించే లెక్క మీద ఆధారపడకుండా, ఒక్కో నెలలో చేరినవారిని ఒక్కో బ్యాచ్‌గా విడదీసి, తలకు వాస్తవంగా వసూలైన మార్జిన్‌ను నెలనెలా కూడి చూడాలి. జనవరి బ్యాచ్‌లో మూడో చెల్లింపు చేసినవారు నూటికి 80 మంది ఉండి, ఏప్రిల్ బ్యాచ్‌లో 70 మందే ఉంటే, సగటు చర్న్ ఇంకా కదలకపోయినా బడ్జెట్ పెంపును అక్కడే ఆపాలి.