ఏ3 జిరాక్సు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఏ3 జిరాక్సు గారికి,

నిన్న మధ్యాహ్నం తిరుపతిలో, అకౌంట్స్ పరీక్షలో, కిటికీ పక్క బెంచీ మీద తమరి దర్శనమైంది. గుర్తుపట్టారా? భూతద్దం పట్టుకుని తమరి మీద ముక్కు ఆనించింది నేనే.

నాకు చూపు తక్కువ కాబట్టి దరఖాస్తులో నేను అడిగింది 18 పాయింట్ల అక్షరం. వచ్చింది తమరు. మామూలు పేపర్లో అక్షరం 10 పాయింట్లు. ఏ4ను ఏ3కి మార్చితే మిషను 141 శాతమే పెంచుతుంది, అక్షరం 14 దగ్గరే ఆగిపోతుంది. మార్జిన్లు పెరిగాయి, ఖాళీలు పెరిగాయి, మిషను అద్దం మీది మచ్చ కూడా పెరిగింది. అక్షరానికి మాత్రం మహాలఘు దర్శనమే.

అసలు బాధ ఇది కాదు. తమరిలో 3కీ 8కీ తేడా లేదు. జిరాక్సుకు జిరాక్సు తీస్తే గీతలు ఉబ్బి, అంకెల్లో సందులు పూడిపోతాయి. మూలధనం 3,60,000 అని చదివాను. లెక్కంతా చేశాక బ్యాలెన్స్ షీటు కుదర్లేదు. తేడా సరిగ్గా 5,00,000. అప్పుడు వెలిగింది, అది 8 అని! మూడు గంటల పరీక్షకు నాకిచ్చే అదనపు గంటలో ఇరవై నిమిషాలు ఈ ఒక్క అంకెకే పోయాయి. ఆ టైం ఇచ్చేది నేను నెమ్మదిగా చదువుతానని. తమరి గుట్టు విప్పడానికి కాదు.

ఇన్విజిలేటర్ మేడమ్‌కి చెబితే, "ఇంత పెద్ద పేపరిచ్చినాం గదమ్మా, ఇంకేం కావల్ల?" అన్నారు. చీఫ్ సూపరింటెండెంట్ గారేమో, సీల్డ్ కవరు పరీక్షకు ముందు తప్ప తెరవకూడదన్నారు. నిజమే. అందుకే తమరి పుట్టుక ఆ చివరి అరగంటలో, ఆఫీసు మిషను మీద. కానీ ప్రశ్నపత్రం టైపు చేసిన ఫైలు ఎక్కడో ఉంటుంది కదా! ప్రింటుకు వెళ్లకముందే అందులో అక్షరం 18 చేసి, వరుసల మధ్య ఎడం పెంచి, పట్టికను సరిచేసి, మామూలు ఏ4 మీదే అచ్చేసి విడిగా సీలు వేస్తే రహస్యం ఎక్కడ పోతుంది? నాలాంటి ఇద్దరి కోసం ఎవరు చేస్తారులే అనేగా!

తమరి బంధువులూ తక్కువేం కాదు. నా స్నేహితుడికి కంప్యూటర్లో ఇచ్చిన ప్రశ్నపత్రం స్కాన్ చేసిన బొమ్మ. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నోరెత్తలేదు. ఇంకోసారి పాత డీటీపీ ఫాంటుతో టైపు చేసిన ఫైలిచ్చారట, యూనికోడ్ కాదు కాబట్టి తెలుగు ప్రశ్నను ఇంగ్లిషు అక్షరాలుగా, గుర్తులుగా చదివి వినిపించింది. బ్రెయిలీ పేపర్లో "కింది పటం చూసి" అని ఉంటుంది, పటం మాత్రం ఉండదు.

కోపంతో తమర్ని నాలుగు మడతలు పెట్టి ఇంటికి తెచ్చాను. మా అమ్మ విప్పి బీరువా అరలో పరిచింది. అంచులు మడవాల్సిన పని కూడా లేదంట, కొలిచినట్టు సరిపోయారు.

ఇట్లు,
మూలధనం 8,60,000 అని ఇప్పుడు బాగా తెలిసిన
ఒక అభ్యర్థిని