రూపాయికి మిర్చి పూచీ

మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ లెక్కల సారుకు ఈ మధ్య రూపాయి మీద నమ్మకం పోయింది. ఎవరో మోసం చేసి కాదు. తీరిక దొరికి, నోటు మీది అక్షరాలు చదివాడు కాబట్టి. ఐదు వందల నోటు మీద హిందీలో, ఇంగ్లీషులో ఒక మాట ఉంటుంది: ఈ నోటు తెచ్చినవారికి ఐదు వందల రూపాయలు చెల్లిస్తానని నేను మాట ఇస్తున్నాను. కింద రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకం. నలభై ఏళ్ళు పిల్లల నోటు పుస్తకాల్లో తప్పులు పట్టిన మనిషి దీన్ని వదులుతాడా?

"ఐదు వందలు చెల్లిస్తా అంటుండు. మరి నా చేతుల ఉన్నదేంది?" అన్నాడు.

మరుసటి రోజే హన్మకొండ నక్కలగుట్టలో ఒక బ్యాంకుకు వెళ్ళి నోటు కౌంటర్‌లో పెట్టి, మాట ప్రకారం చెల్లించమన్నాడు. క్యాషియరమ్మ ఆయన మొహం చూసి, చిల్లర కావాలేమో అనుకుని వంద నోట్లు ఐదు ఇచ్చింది. సారు వాటిని తిప్పి చూశాడు. వాటి మీదా అదే మాట, అదే సంతకం. కొంచెం చిన్న అంకె, అంతే తేడా.

నన్ను అడిగితే ఆ అమ్మాయి తెలియకుండానే చట్టాన్ని అక్షరాలా అమలు చేసింది. నోటు తెస్తే నోటు ఇస్తారు, లేదా నాణేలు ఇస్తారు. బంగారం మాట అందులో లేదు. సారుకు అది నచ్చలేదు. అసలు రిజర్వ్ బ్యాంకులో బంగారం ఎంత ఉండాలో చెప్పమన్నాడు. చెప్పి తప్పు చేశాను. 1957లో సవరించిన చట్టం ప్రకారం నోట్ల కింద బంగారం, విదేశీ సెక్యూరిటీలు కలిపి కనీసం 200 కోట్లు ఉండాలి, అందులో బంగారం 115 కోట్లకు తగ్గకూడదు. అంకె అదే, ఇప్పటికీ మారలేదు. జనం చేతుల్లో తిరిగే నోట్లు మాత్రం 35 లక్షల కోట్లు దాటాయి. సారు పెన్సిల్ తీసి భాగహారం చేశాడు. ఐదు వందల నోటు వెనక చట్టం పట్టుబట్టే బంగారం సుమారు ఒకటిన్నర పైస.

నిజానికి రిజర్వ్ బ్యాంకు దగ్గర బంగారం అంతకంటే చాలా ఎక్కువే, ఎనిమిది వందల టన్నులకు పైగా ఉంది. కానీ అది మనకు బాకీ ఉన్న బంగారం కాదు. నోట్ల వెనక ఎక్కువ భాగం ఉండేవి విదేశీ సెక్యూరిటీలు. మన ప్రభుత్వ బాండ్లు కూడా పెట్టొచ్చు. ప్రభుత్వ బాండు అంటే ఏమిటని సారు అడిగాడు. ఫలానా రోజు ఇన్ని రూపాయలు చెల్లిస్తానని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం. అంటే మాట వెనక ఇంకో మాట. సారు పెన్సిల్ కింద పెట్టేశాడు.

ఇలాంటి పరిస్థితిలో చేతులు కట్టుకుని కూర్చోవడం బాధ్యత గల పౌరుడి లక్షణం కాదు. అందుకే మేమిద్దరం కలిసి దేశానికి ఒక విన్నపం తయారు చేశాం. బంగారం ఎలాగూ లేదు, దొరకదు. మాకు దొరికేది మిర్చి. కాబట్టి ఇక మీదట రూపాయికి ఎనుమాముల మార్కెట్ మిర్చి పూచీ ఉండాలి. పది వేల రూపాయల నోట్లు తెస్తే ఒక క్వింటాల్ ఎండుమిర్చి. దాచడానికి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. బంగారం కంటే దీనికి ఒక గొప్ప గుణం కూడా ఉంది, నకిలీదైతే కూర వండిన రోజే తెలుస్తుంది.

సారు లెక్కల మనిషి కదా, విన్నపం పంపే ముందు ఒకసారి నడిపి చూద్దామన్నాడు. మొదటి ఏడు పంట విరగ కాసిందనుకున్నాం. కోల్డ్ స్టోరేజీలో బస్తా పడ్డప్పుడల్లా దానికి తగ్గ నోట్లు బయటికి వస్తాయి. మిర్చి రెట్టింపైతే నోట్లూ రెట్టింపు. కానీ బియ్యం రెట్టింపు కాలేదు, కిరాయి ఇళ్ళు రెట్టింపు కాలేదు. ఉన్న సరుకు వెంట రెండింతల నోట్లు పరుగెత్తాయి, పది రూపాయల చాయ్ ఇరవై అయింది. సారు ముఖం చిట్లించినా పెన్సిల్ ఆపలేదు.

రెండో ఏడు తామర పురుగు వచ్చింది. ఇది ఊహ కాదు, 2021-22లో మన జిల్లాల్లో మిర్చి తోటలను తామర పురుగు ఎలా తుడిచిపెట్టిందో చూసినవాళ్ళం. మిర్చి తగ్గింది కాబట్టి నోట్లు వెనక్కి లాగాలి. నోట్లు కరువైతే ధరలు పడతాయి. ధరలు పడితే మంచిదే కదా అనుకుంటాం. కానీ వడ్లు క్వింటాల్ రెండు వేల నుంచి వెయ్యికి పడ్డాయి, రైతు బ్యాంకులో తీసుకున్న లక్ష అప్పు మాత్రం లక్షగానే ఉంది. నిన్న యాభై క్వింటాళ్ళు అమ్మితే తీరే అప్పుకు ఇవాళ వంద క్వింటాళ్ళు అమ్మాలి. మిర్చి వేయనివాడు కూడా మిర్చి పురుగుకు బలి.

"ఆపు," అన్నాడు సారు. "గిది బంగారం కథే కదా?"

అదే. మిర్చికి పురుగు, బంగారానికి గనులు. కొత్త గని దొరికితే డబ్బు పెరుగుతుంది, దొరకకపోతే దేశం ఎంత పెరిగినా డబ్బు పెరగదు. 1929 తర్వాత వచ్చిన ఆర్థిక మాంద్యంలో బంగారానికి కట్టుకున్న దేశాల్లో ధరలు కూలి, అప్పులున్నవాళ్ళు మునిగారు. బ్రిటన్ 1931లో ఆ తాడు తెంపుకుంది. ముందుగా తెంపుకున్న దేశాలు ముందుగా కోలుకున్నాయి. ఔన్సుకు 35 డాలర్ల లెక్కన బయటి దేశాల ప్రభుత్వాలకు బంగారం ఇస్తూ వచ్చిన అమెరికా కూడా 1971 ఆగస్టు 15న ఆ కిటికీ మూసేసింది. మనం జెండా ఎగరేసి మిఠాయిలు తిన్న రోజే.

సారు లోపలికి వెళ్ళి ఒక రేకు పెట్టె తెచ్చాడు. వాళ్ళ తాతది. అందులో ఒక వెండి హాలీ రూపాయి, ఒక హాలీ సిక్కా నోటు. మా పక్క పెద్దవాళ్ళకు హాలీ అంటే నిజాం రాజ్యం డబ్బని చెప్పక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ళ వంద రూపాయలకు నిజాం రూపాయలు నూట పదహారు, ఆ పైన పది అణాల ఎనిమిది పైలు. నిజాం సర్కారు 1918లో కాగితం నోట్లు కూడా తెచ్చింది.

"మా తాత గీ కాయితాన్ని ఎందుకు తీస్కుండో?" అన్నాడు సారు.

శిస్తు కట్టడానికి. అంతకు మించి రహస్యం లేదు. తహసీల్ కచేరీలో శిస్తుకు ఆ నోటు చెల్లుతుంది. శిస్తు కట్టాల్సిన ప్రతివాడికీ అది కావాలి, కాబట్టి శిస్తు లేనివాడు కూడా ధైర్యంగా తీసుకుంటాడు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. మర్నాడే ఆ కాగితం చిత్తు కావాలి కదా? కాలేదు, ఇంకొన్నేళ్ళు నడిచింది. కొత్త ప్రభుత్వం కూడా దాన్ని తీసుకుంది కాబట్టి. ఇక తీసుకోం అన్న రోజు అది పెట్టెలోకి చేరింది. వెండి రూపాయిని కంసాలి ఇవాళ కూడా తూకానికి తీసుకుంటాడు, అది వేరే మాట. అప్పుడది డబ్బు కాదు, వెండి ముక్క.

2016 నవంబరు 8 రాత్రి పాత ఐదు వందల, వెయ్యి నోట్లు రద్దైనప్పుడు మనం చూసిందీ ఇదే. పన్నెండు గంటలకు ముందు, తర్వాత ఆ నోట్ల కాగితం అదే, సిరా అదే, రిజర్వ్ బ్యాంకులో బంగారం కూడా అంతే. తీసుకుంటాం అన్న మాట ఒక్కటే మారింది. హన్మకొండ చౌరస్తా అంతా లైన్లో నిలబడింది.

అయితే పన్నుకు చెల్లుతుంది కదా అని ఇష్టమొచ్చినన్ని అచ్చేస్తే విలువ ఉండదు. ఇక్కడ మన ప్రభుత్వాలకు ఒక మంచి అలవాటు ఉండేది. ఖజానాలో డబ్బు తగ్గితే రిజర్వ్ బ్యాంకుకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు అనే అప్పు చీటీ ఒకటి రాసిచ్చేవారు, కొత్త డబ్బు దానంతటదే వచ్చేది. షావుకారు దుకాణంలో ఖాతా పుస్తకం మన చేతికే ఇస్తే మనం రాసుకున్నట్టు. 1997లో దాన్ని ఆపారు. 2003లో చేసిన చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం కొత్తగా అమ్మే బాండ్లను రిజర్వ్ బ్యాంకు మామూలుగా నేరుగా కొనకూడదు. మార్కెట్లో చేతులు మారిన బాండ్లను మాత్రం కొనొచ్చు. కాబట్టి తలుపు మూశారు, కిటికీ ఉంది. బంగారం చేసిన కాపలా పని ఇప్పుడు ఈ తలుపు చేస్తోంది.

రెండో కాపలా వడ్డీ. ధరల పెరుగుదల ఏడాదికి 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ 2 శాతం వరకు ఓర్చుకుంటారు. వరుసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే రిజర్వ్ బ్యాంకు ఎందుకు దాటిందో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలి. 2022లో దాటింది, రాసింది. ఆ ఉత్తరంలో ఏముందో మనకు చూపించలేదు. బడిలో ఆలస్యంగా వచ్చినవాడితో కారణం రాయించుకుని సారు బీరువాలో పెట్టుకున్నట్టు. కానీ శిక్ష మాత్రం ఉత్తరం కాదు. బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 2022 మే మొదట్లో 4 శాతం ఉండేది, మరుసటి ఫిబ్రవరికి 6.5 అయింది. ఇది సారు ఇంటి దాకా వచ్చింది. కొడుకుది ఇరవై లక్షల హోం లోన్, ఇరవై ఏళ్ళది. వడ్డీ ఆరుముప్పావు నుంచి తొమ్మిదింపావుకు పోయేసరికి నెల కిస్తీ సుమారు 15,200 నుంచి 18,300కు చేరింది. బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడల్లా ఖాతాల్లో కొత్త డబ్బు పుడుతుంది. అప్పు ఖరీదైతే తీసుకునేవాళ్ళు తగ్గుతారు, కొత్త డబ్బు పుట్టడం నెమ్మదిస్తుంది.

"అంటే రూపాయి కాపలాదారుకు జీతం నా కొడుకు ఇస్తుండా?" అన్నాడు సారు. నెలకు మూడు వేల చిల్లర.

ఇంత కాపలా పెట్టినా ఏడాదికి నాలుగు శాతం కారుతూనే ఉంటుంది, అదీ లక్ష్యం పెట్టుకుని మరీ. ఈ లెక్కన పద్దెనిమిదేళ్ళకు ఐదు వందల నోటు ఇప్పటి రెండు వందల యాభై పని చేస్తుంది. సారు దీన్ని దొంగతనమన్నాడు. సున్నా చేయబోయి ధరలు పడిపోతే వంద క్వింటాళ్ళ రైతు కథ మొదలవుతుందని గుర్తు చేశాను. ఒప్పుకోలేదు, కానీ మిర్చి విన్నపాన్ని మడిచి రేకు పెట్టెలో హాలీ నోటు పక్కన పెట్టాడు.

మర్నాడు ఇద్దరం ఇంటి పన్ను కట్టడానికి వెళ్ళాం. కౌంటర్‌లో మనిషి సారు ఇచ్చిన ఐదు వందల నోట్లను ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి, గాంధీ కనిపించాడా లేదా అని చూసి, రసీదు కొట్టాడు. బంగారం ఊసే ఎత్తలేదు. బయటికొచ్చి చాయ్ తాగితే టీ కొట్టు పిల్లగాడు చిల్లరలో పది నోటు ఇచ్చాడు. ఒక మూల చిరిగిపోయింది.

"ఇది నడవది, ఇంకోటి ఇయ్యి బిడ్డా," అన్నాడు సారు.

ఇరవై దాకా ఉన్న నోట్లలో అతి పెద్ద ముక్క సగానికి మించి ఉంటే బ్యాంకులో పూర్తి విలువ ఇస్తారని, ఇందులో ముప్పాతిక పైనే ఉందని చెప్పాను.

"అట్లయితే నువ్వే ఉంచుకో, నాకు నీ పది ఇయ్యి," అన్నాడు సారు.

నా జేబులో మంచి పది నోటు ఉంది. లేదని చెప్పాను.